థీసిస్‌లో “డబుల్ బ్లైండ్” అని రాయమంటున్నారు. హెర్నియా, టెప్ ఒక పక్క, ఓపెన్ ఒక పక్క

కోనసీమ_పీజీ

జనరల్ సర్జరీ మూడో సంవత్సరం పీజీని. డెల్టాలోనే ఒక టీచింగ్ హాస్పిటల్, పేరెందుకులెండి. గజ్జల్లో హెర్నియాకి ఓపెన్‌గా లిక్టెన్‌స్టీన్ మెష్ వేసినవాళ్ళు 30 మంది, లాప్రోస్కోపీలో టెప్ చేసినవాళ్ళు 30 మంది. మేం చూసేవి మూడు: 24 గంటల దగ్గర నొప్పి, ఏడో రోజు నొప్పి, మళ్ళీ పనిలోకి ఎన్నాళ్ళకి వెళ్ళారు అన్నది. మా పేషెంట్లలో ఎక్కువమంది కొబ్బరి దింపు తీసేవాళ్ళు, కోత కూలీలు, చేపల చెరువుల దగ్గర మేత బస్తాలు మోసేవాళ్ళు. అందుకే పని సంగతి పెట్టాం.

కేసులన్నీ అయిపోయాయి. మెథడ్స్ రాసి ఇస్తే మా సార్ మొదటి లైన్‌లోనే “డబుల్ బ్లైండ్ రాండమైజ్డ్ ట్రయల్” అని దిద్దారు. ఏ ఆపరేషనో పేషెంటుకి చెప్పలేదు, నొప్పి రాసుకున్న సిస్టర్‌కీ చెప్పలేదు, కాబట్టి డబుల్ అంటారు. నాకు మనసొప్పడం లేదు. బొడ్డు కింద మూడు చిన్న గాట్లున్న మనిషికీ, గజ్జలో నాలుగు వేళ్ళంత కోత ఉన్న మనిషికీ తన ఒంటి మీద ఏం జరిగిందో తెలియదా? అలాగని ఓపెన్ లేబుల్ అని రాసేస్తే సిస్టర్ పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే. ఇంకోటి, అలొకేషన్ కన్సీల్‌మెంట్ దగ్గర “సీల్ చేసిన కవర్లు వాడాం” అని ఒక్క ముక్క రాసి వదిలేశాం. అది సరిపోతుందా?

పాలకొల్లు_లాప్

మీ సార్ చెప్పింది తప్పేం కాదు. డబుల్ అంటే పేషెంటు, కొలిచే మనిషి. సర్జరీలో సర్జన్‌కి తెలియకుండా ఎలాగూ ఉండదు, అది అందరికీ తెలిసిందే. ఇక కన్సీల్‌మెంట్ అంటారా, బ్లైండింగే కుదరని చోట అది దాచి ఏం లాభం? థియేటర్‌లోకి రాగానే అందరికీ తెలిసిపోయేదే కదా.

గౌతమి_స్టాట్స్

పాలకొల్లు గారూ, మొదటిది సగం నిజం, రెండోది పూర్తిగా తప్పు. ఏమీ అనుకోకండి.

డబుల్ బ్లైండ్ అంటే మీకు తోచిన అర్థం మీకుంది. పక్క డాక్టర్‌కి ఇంకో అర్థం ఉంటుంది. 2001లో కెనడాలో డాక్టర్లని ఇదే అడిగితే ఆ ఒక్క మాటకి 17 రకాల అర్థాలు వచ్చాయి. అందుకే ట్రయల్ రిపోర్టు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలు ఆ మాట మీద ఆధారపడొద్దంటాయి. ఎవరెవరికి తెలియదు, తెలియకుండా ఏం చేశారు అన్నది మనిషి మనిషికీ రాయమంటాయి.

కన్సీల్‌మెంట్‌కీ బ్లైండింగ్‌కీ మధ్య ఒక గీత ఉంది. ఆ గీత పేషెంటు పేరు ట్రయల్‌లోకి ఎక్కిన క్షణం. దానికి ముందు, రాబోయేది ఏ ఆపరేషనో చేర్చుకునే డాక్టర్‌కి తెలియకూడదు. అది కన్సీల్‌మెంట్. దాని తరవాత ఎవరికి తెలుస్తుందన్నది బ్లైండింగ్. రెండోది సర్జరీలో చాలాసార్లు కుదరదు. మొదటిది ఏ ట్రయల్‌లోనైనా కుదురుతుంది, కాలు తీసే ఆపరేషన్ అయినా సరే. కుదరలేదంటే చేయలేదనే అర్థం.

పాలకొల్లు_లాప్

సరే, ఒప్పుకుంటున్నా. కానీ ముందే తెలిస్తే మాత్రం నష్టం ఏంటి? ఆపరేషన్ ఏదో ఒకటి చేయాల్సిందేగా.

గౌతమి_స్టాట్స్

వైద్య పరిశోధన పాఠాల్లో తరచూ చెప్పే ఒక ఆస్ట్రేలియా సంగతి ఉంది. అపెండిసైటిస్‌కి ఓపెన్, లాప్రోస్కోపీ పోల్చారు. రాత్రిపూట లాప్ చేయాలంటే పెద్ద డాక్టర్‌ని లేపాలి. కొందరు సార్లకి అర్ధరాత్రి రావడం ఇష్టం ఉండేది కాదు. అప్పుడు రెసిడెంట్లు కవర్లని దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి, ఓపెన్ అని ఉన్న కవరే ముందు తెరిచేవారు. లాప్ కవరు తెల్లారాక వచ్చే మొదటి పేషెంటుకి మిగిలేది. రాత్రి వచ్చేవాళ్ళలో జబ్బు ముదిరినవాళ్ళు ఎక్కువ ఉంటే ఓపెన్ గుంపు ఫలితాలు చెడతాయి. ఆపరేషన్ మంచిదా కాదా అన్నదానికి దానితో సంబంధమే లేదు.

1995లో 250 ట్రయల్స్ తీసి చూశారు, ఎక్కువగా గర్భం, కాన్పు మీదవి. కన్సీల్‌మెంట్ సరిగా లేని చోట చికిత్స లాభం ఆడ్స్ రేషియోలో సగటున 41 శాతం ఎక్కువ చేసి కనిపించింది. డబుల్ బ్లైండ్ కాని చోట 17 శాతం. మనం బ్లైండింగ్ గురించి టెన్షన్ పడతాం, కవర్ని పట్టించుకోం.

కొబ్బరితోట_రాజోలు

నాకు డాక్టర్ల భాష తెలీదు గానీ హెర్నియా అంటే ఇటొచ్చాను. నాకూ చేశారండీ, కడుపు మీద మూడు చిల్లులు. రెండింట్లో ఏది మంచిదో చెప్పి పుణ్యం కట్టుకోండి, మా బావమరిదికి చేయించాలి. నన్నూ ఏదో స్టడీ అని సంతకం పెట్టించుకున్నారు, ఏది చేశామో చెప్పం అన్నారు. బొడ్డు కిందా గజ్జలోనూ పెద్ద పెద్ద పట్టీలు వేశారు. మర్నాడు పొద్దున్నే పట్టీ కొస పైకి లేపి చూసుకున్నాను. గజ్జలో పట్టీ కింద ఏమీ లేదు, చర్మం నున్నగా ఉంది! పక్క మంచం ఆయన వచ్చి నాది చూసి, తనదీ విప్పి చూపించాడు. ఆయనకి కోత ఉంది. మధ్యాహ్నానికి వార్డంతా తెలిసిపోయింది, ఎవరిది చిల్లులు, ఎవరిది కోత అని.

వార్డు_సిస్టర్

రాజోలు గారూ, ఏది మంచిదో మీ బావమరిదిని చూసిన డాక్టర్ చెప్పాలి, ఇక్కడ అడిగితే ఎవరూ చెప్పలేరు. కానీ మీరు చెప్పింది ఈ పీజీ బాబుకి బాగా పనికొస్తుంది.

వేరే ట్రయల్‌లో నొప్పి అంకెలు రాసింది నేనే. అందరికీ ఒకే సైజు పట్టీ, రెండు చోట్లా. వేసేటప్పుడు నన్ను థియేటర్‌లోకి రానిచ్చేవారు కాదు. ఇదంతా బాగానే ఉండేది మొదటి రోజు. మే నెల ఉక్కలో చెమటకి రెండో రోజుకే ప్లాస్టర్ అంచు ఊడేది. కేసు షీటు మంచం కాళ్ళ దగ్గరే వేలాడుతుంటుంది, దాని మీద ఆపరేషన్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. చూడకుండా ఉండాలని తల తిప్పుకుని వెళ్ళేదాన్ని. వెళ్ళగానే “పదికి ఎంత నొప్పి” అని అడిగేసేదాన్ని. కొందరు అంకె చెప్పకముందే “మూడు చిల్లులే కదమ్మా, ఏం లేదు” అనేవారు. అలా చెప్పేసినవాళ్ళ పేరు పక్కన నా నోటు పుస్తకంలో చిన్న చుక్క పెట్టుకున్నాను. ఆ చుక్కలు ఎవరూ అడగలేదు, పేపర్‌లో రాయలేదు.

గౌతమి_స్టాట్స్

సిస్టర్ గారూ, ఆ చుక్కలు బంగారం. కోనసీమ పీజీ, మీ సిస్టర్ దగ్గర అలాంటిదేమైనా ఉందా?

మత్తు_డాక్టర్_భీమవరం

అందరూ పట్టీ గురించే మాట్లాడుతున్నారు. నాకు ఒకటే ప్రశ్న. మత్తు ఏమిచ్చారు?

కోనసీమ_పీజీ

ఓపెన్ వాళ్ళకి స్పైనల్, టెప్ వాళ్ళకి జనరల్. మా దగ్గర మామూలుగా జరిగేది అదే, మార్చలేదు.

మత్తు_డాక్టర్_భీమవరం

అయితే పట్టీలు వేయకముందే పేషెంటుకి తెలిసిపోయింది. ఒకాయన కళ్ళు తెరిచి పడుకుని, నడుం కింద మొద్దుబారి, సర్జన్ మాటలన్నీ వింటూ ఉన్నాడు. ఇంకొకాయన నిద్రపోయి గొంతు మంటతో లేచాడు. సంతకం తీసుకునేటప్పుడు “వెన్నులో ఇంజెక్షన్” అని చెప్పే ఉంటారు. చెప్పకపోతే అది ఇంకా పెద్ద తప్పు.

ఇంకొకటి కూడా ఉంది. స్పైనల్ ప్రభావం కొన్ని గంటలు నిలుస్తుంది, దాంట్లో మార్ఫిన్ లాంటిది కలిపితే రోజంతా నొప్పి తగ్గుతుంది. అప్పుడు మీ 24 గంటల అంకెలో ఆపరేషన్ వాటా ఎంత, మత్తు వాటా ఎంత? అది బ్లైండింగ్‌తో బాగుపడే సంగతి కూడా కాదు. మత్తు రకం ఆపరేషన్‌తో కలిసే మారింది అని విడిగా రాయాలి.

పాలకొల్లు_లాప్

అందరికీ జనరల్ ఇచ్చేస్తే సరిపోయేదిగా?

మత్తు_డాక్టర్_భీమవరం

లిక్టెన్‌స్టీన్‌ని లోకల్ మీద కూడా చేస్తారు. లోకల్‌తో పోయేదానికి, ఊపిరితిత్తులు బాగోలేని 65 ఏళ్ళ బీడీ మనిషికి, మన పేపర్ బాగుండాలని గొంతులో ట్యూబు వేస్తామా? నేనైతే వేయను.

రిటైర్డ్_సర్జన్_కాకినాడ

అది ట్రయల్‌ని బట్టి ఉంటుంది డాక్టర్. ఎలాగూ జనరల్ ఇవ్వాల్సిన ఆపరేషన్లు రెండు పోల్చినప్పుడు ఈ చిక్కు రాదు. 1996లో షెఫీల్డ్‌వాళ్ళు లాన్సెట్‌లో పిత్తాశయం మీద వేసిన ట్రయల్ నాకు బాగా గుర్తు. 200 మంది. లాప్రోస్కోపీ ఒక పక్క, చిన్న కోత ఒక పక్క. కవరు థియేటర్‌లోనే తెరిచారు. అందరికీ ఒకేలాంటి పట్టీలు వేశారు, వార్డులో చూసుకునేవాళ్ళకి ఏది జరిగిందో తెలియకుండా. అప్పట్లో లాప్ అంటే రెండో రోజే లేచి తిరుగుతారని మేమంతా నమ్మేవాళ్ళం. ఆ ట్రయల్‌లో హాస్పిటల్‌లో ఉన్న రోజుల్లో గానీ, కోలుకోవడంలో గానీ లాప్‌కి లాభం కనిపించలేదు. నమ్మకమే పేషెంటుని ముందు ఇంటికి పంపుతోందా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే. వాళ్ళు కూడా దాన్ని సింగిల్ బ్లైండ్ అనే పిలిచారు, డబుల్ అనలేదు.

బాబూ పీజీ, నీ పని అన్న లెక్క సంగతి చూడు. డిశ్చార్జ్ అప్పుడు దింపు తీసేవాళ్ళకి ఏం చెప్పి పంపారు?

కోనసీమ_పీజీ

అందరికీ ఒకటే చెప్పలేదు సార్. ఓపెన్ చేయించుకున్నవాళ్ళకి మూడు నెలలు చెట్టు ఎక్కొద్దని, టెప్ వాళ్ళకి నెల దాటాక ఎక్కొచ్చని చెప్పాం. యూనిట్‌లో ఎప్పటినుంచో అలవాటు అది.

రిటైర్డ్_సర్జన్_కాకినాడ

అదీ సంగతి. మీ ఫలితాల్లో టెప్ వాళ్ళు రెండు నెలలు ముందు చెట్టెక్కారని వచ్చి ఉంటుంది. అది మెష్ చేసిన పని కాదు, మీరు చెప్పిన మాట చేసిన పని. 2018 అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు ఏ ఆపరేషన్ అయినా ఒంటికి ఇబ్బంది లేదనిపించగానే మామూలు పనులు మొదలుపెట్టమనే చెప్తాయి. చెట్టెక్కడం మామూలు పనా అంటే అది వేరే చర్చ. ఏది చెప్పినా రెండు గుంపులకీ ఒకటే చెప్పి, అచ్చు వేసిన కాగితం చేతికిచ్చి ఉండాల్సింది. ఇప్పుడు వెనక్కి వెళ్ళలేవు. చెప్పిన మాటలు వేరువేరని మాత్రం దాచకు. ఆ ఫలితాన్ని ముఖ్యమైన వాటిలోంచి తీసెయ్యమని నేను అనను, మొదట అనుకున్నది అనుకున్నట్టే ఉండాలి. పక్కన ఈ మాట రాయి.

యానాం_చదువరి

సర్జన్, మత్తు డాక్టర్, పేషెంటు, ఇంజెక్షన్లు ఇచ్చే సిస్టర్, నొప్పి అడిగే సిస్టర్, లెక్కలు వేసే మనిషి. ఆరుగురు. ఎవరికి తెలుసో ఎవరికి తెలీదో ఒక్కొక్కరికీ ఒక లైన్ రాస్తే గొడవ తీరిపోతుందిగా?

గౌతమి_స్టాట్స్

దాదాపు అంతే, రోజుల లెక్క కూడా కలిపితే. 24 గంటల దగ్గర పట్టీ ఉంది, ఏడో రోజు కుట్లు విప్పాక లేదు. నొప్పి అడిగే సిస్టర్‌కి మొదటిరోజు తెలియకపోవచ్చు, ఏడో రోజు కుట్లు విప్పింది ఆవిడే అయితే తప్పకుండా తెలుసు. “అసెసర్ బ్లైండెడ్” అని ఒక్కసారి రాసేస్తే చదివేవాడు ఆఖరివరకూ అలాగే ఉందనుకుంటాడు.

ఇంజెక్షన్లు ఇచ్చే సిస్టర్‌ని చాలామంది మర్చిపోతారు. కోత చూసి “పాపం పెద్ద కోత” అని అడగకముందే ఇంకో డోసు ఇస్తే, నొప్పి అంకె తగ్గుతుంది, మందు వాడకం పెరుగుతుంది. రెండూ కలిపి చూస్తేనే అర్థమవుతుంది.

ఇక కవర్లు. పీజీ గారూ, నిజం చెప్పండి. కవరు ఏ రంగు, ఎవరు తయారుచేశారు, ఎక్కడ పెట్టారు, ఎప్పుడు తెరిచారు?

కోనసీమ_పీజీ

తెల్లకవర్లు, కాలేజీ ఎదురు స్టేషనరీ షాపులో కొన్నవి. జాబితా కంప్యూటర్‌లో తీసింది కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్. నాలుగేసి మందికి ఒక బ్లాక్, అంటే 15 బ్లాకులు. చీటీలు రాసి కవర్లో పెట్టి అంటించింది నా జూనియర్. డ్యూటీ రూమ్ సొరుగులో ఉండేవి, తాళం లేదు. థియేటర్‌లో తెరుద్దామని ప్రోటోకాల్‌లో రాశాం గానీ, వైద్య సేవ కింద ముందస్తు అనుమతికి ప్రీఆథ్ పెట్టాలంటే ఏ ఆపరేషనో ముందే రాయాలి. అందుకని రెండు మూడు రోజుల ముందే తెరిచేవాళ్ళం.

మీరు అడిగారని నిన్న రాత్రి మిగిలిన ఖాళీ కవర్లో ఒక చీటీ పెట్టి ఎక్స్‌రే చూసే లైటు పెట్టె మీద ఆనించాను. “టెప్” అన్న అక్షరాలు చక్కగా చదవగలిగాను. ఒంట్లో చల్లబడింది.

పాలకొల్లు_లాప్

ఆత్రేయపురం పూతరేకుతో కవరు చేసినట్టుంది! ప్రతి సర్జరీ వార్డులోనూ లైటు పెట్టె ఉంటుంది, దాన్ని ఎవరం ఆలోచించలేదు. మావీ తెల్లకవర్లే.

గౌతమి_స్టాట్స్

లైటు పెట్టె దాకా కూడా వెళ్ళక్కర్లేదు. నాలుగేసి బ్లాక్ అని యూనిట్‌లో తెలుసు కదా. ఒక్కో బ్లాకులో రెండు ఓపెన్, రెండు టెప్. మొదటి ముగ్గురికి ఏమొచ్చిందో గుర్తుంటే నాలుగోది తెలిసిపోయినట్టే, ప్రతి బ్లాకులోనూ. మొదటి రెండూ ఒకటే అయితే మూడోది కూడా తెలుస్తుంది. అలా జరిగే అవకాశం మూడింట ఒకటి. 15 బ్లాకుల్లో నాలుగోవి 15, మూడోవి సగటున 5. మొత్తం 60లో 20 మందికి ఏం రాబోతోందో కవరు ముట్టుకోకుండానే చెప్పొచ్చు. బ్లైండింగ్ లేని ట్రయల్‌లో బ్లాక్ సైజు మారుతూ ఉండాలి, ఆ సైజులు యూనిట్‌కి తెలియకూడదు అనేది ఇందుకే.

ఇప్పుడు రెండు పనులు చేయండి. కవరు నంబర్లు వరసగా వేసి పక్కన తెరిచిన తేదీ రాయండి. తేదీలు ఎక్కడైనా వెనక్కి వెళ్తే గుర్తు పెట్టండి. తరవాత, ఆపరేషన్ కష్టాన్ని ముందే చెప్పే ఒక లక్షణం తీసుకుని రెండు గుంపుల్లో ఎంతమందికి ఉందో లెక్కపెట్టండి. హెర్నియాలో అయితే వృషణాల సంచీలోకి దిగిన పెద్దవి.

కోనసీమ_పీజీ

చూశాను.

17వ కవరు కంటే 18వది రెండు రోజులు ముందు తెరిచారు. 31, 32 కూడా తారుమారు. 45వ కవరు మీద తేదీ లేదు. సంచీలోకి దిగిన హెర్నియాలు ఓపెన్‌లో 9, టెప్‌లో 2. ఇంకో ముగ్గురు, కవరు తెరిచి ప్రీఆథ్ పెట్టాక ఆపరేషన్ వద్దని వెళ్ళిపోయారు, ముగ్గురూ ఓపెన్ వచ్చినవాళ్ళే. ఆ ముగ్గురి స్థానంలో కొత్తవాళ్ళని వేసి 30 చేశాం. ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

18వ కవరు రోజు నేను డ్యూటీలో ఉన్నాను. తెరిచింది నేను కాదు, కానీ అడగలేదు కూడా.

పాలకొల్లు_లాప్

ఒక మాట మాత్రం నేను చెప్పాలి. ఏడాది నుంచే టెప్ నేర్చుకుంటున్న సర్జన్ చేతిలో, సంచీలోకి దిగిన పెద్ద హెర్నియా పెట్టడం పేషెంటుకి మంచిది కాదు. ఎవరో 18 తెరిచారంటే అది మోసం చేద్దామని కాదు, మనిషిని కాపాడదామని అయి ఉంటుంది. నేనే అక్కడ ఉన్నా అలాగే చేసేవాడినేమో.

గౌతమి_స్టాట్స్

మీ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ పని చేయాల్సింది ట్రయల్ మొదలెట్టకముందు. “సంచీలోకి దిగిన హెర్నియాలు చేర్చుకోం” అని ఒక లైన్ రాస్తే పేషెంటూ క్షేమం, పోలికా క్షేమం. కవరు మార్చి కాపాడితే కష్టమైన కేసులన్నీ ఓపెన్ ఖాతాలో పడతాయి, ఓపెన్‌కి నొప్పి ఎక్కువ అని మనమే రాసుకుంటాం.

ఇంకొకటి. 9, 2 అనేది రాండమ్‌గా కూడా రావచ్చు. ఆ ఒక్కదాన్ని బట్టి ఎవరినీ అనకూడదు. వరస తప్పిన కవర్లు కూడా మామూలు గందరగోళం కావచ్చు, 17వ పేషెంటు ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. రెండూ కలిసి వచ్చాయి కాబట్టి దాపరికం నిలబడిందని రాయలేం. నిలబడలేదని కూడా తేల్చలేం.

వార్డు_సిస్టర్

మా ట్రయల్‌లో కవర్లు ఎలా ఉండేవో చెప్తాను, ముందు ముందు చేసేవాళ్ళకి పనికొస్తుంది. చీటీకి వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టి, పైన కార్బన్ కాగితం పెట్టి అంటించేవారు. తెరవకముందే కవరు మీద పేషెంటు పేరు, తేదీ, టైము పెన్నుతో గట్టిగా రాయాలి. ఆ రాత కార్బన్ ద్వారా లోపలి చీటీ మీద పడుతుంది. తరవాత చీటీ మార్చడానికి వీలుండదు. కవర్లు మా దగ్గర కాదు, ఫార్మకాలజీలో తాళం వేసి ఉండేవి. ఫోన్ చేస్తే ముందు పేషెంటు పేరు రాసుకుని, అప్పుడు తెరిచి చెప్పేవారు. ప్రీఆథ్ మాకూ ఉంది, అందుకే థియేటర్‌లో కాకుండా ముందే తెరిచేవారు. సంతకం అయ్యాక, వివరాలన్నీ పుస్తకంలో ఎక్కాక మాత్రమే.

గౌతమి_స్టాట్స్

అవును, ముందే తెరవడం తప్పు కాదు. చేర్చుకోవడం పూర్తయ్యాక తెరిస్తే కన్సీల్‌మెంట్ చెడదు. చెడేది తరవాత జారిపోయినవాళ్ళని దాచినప్పుడు. ఆ ముగ్గురు రాండమైజ్ అయినవాళ్ళే. అంటే మీది 63 మంది ట్రయల్.

యానాం_చదువరి

ఇదంతా రాస్తే థీసిస్ తిరగ్గొట్టరా? ఊరికే అడుగుతున్నాను, మా తమ్ముడు కూడా పీజీనే, వాడి భయం అదే.

రిటైర్డ్_సర్జన్_కాకినాడ

థీసిస్‌లు చాలా దిద్దాను. “సీల్ చేసిన కవర్లు” అని ఒక్క ముక్క ఉన్న పుస్తకాన్ని నేను నమ్మలేదు, పాస్ చేశాను. కవరు ఎక్కడ పొరపాటైందో రాసిన పుస్తకాన్ని నమ్మాను, అదీ పాస్ చేశాను. అందరు ఎగ్జామినర్లూ ఇలాగే ఉంటారని మాత్రం మాటివ్వలేను.

గౌతమి_స్టాట్స్

నేనైతే ఇలా రాస్తాను. మీరు ఇంగ్లీషులో రాసుకుంటారు, సారం ఇది:

“వరస జాబితాను చేర్చుకోవడంలో పాత్ర లేని వ్యక్తి కంప్యూటర్‌తో నాలుగేసి మంది బ్లాకుల్లో తయారుచేశారు. బ్లాక్ సైజు యూనిట్‌కి తెలుసు. చీటీలను యూనిట్‌లోని జూనియర్ డాక్టర్ నంబర్లు వేసిన తెల్లకవర్లలో అంటించారు. బలమైన వెలుగులో లోపలి రాత కనిపిస్తుందని ట్రయల్ ముగిశాక తెలిసింది. కవర్లు తాళం లేని సొరుగులో ఉన్నాయి. రెండు జతలు వరస తప్పి తెరవబడ్డాయి, ఒకదాని తేదీ లేదు. కాబట్టి కేటాయింపు ముందే తెలిసే అవకాశం ఉండింది. కేటాయింపు తరవాత, ఆపరేషన్‌కి ముందు ముగ్గురు విరమించుకున్నారు, ముగ్గురూ ఓపెన్ గుంపువారే. వారి బదులు వేరేవారిని చేర్చుకున్నాం.

సర్జన్, మత్తు డాక్టర్, వార్డు సిబ్బందికి ఆపరేషన్ ఏదో తెలుసు. పేషెంట్లకి చెప్పలేదు, కానీ మత్తు రకం వేరు కాబట్టి వారిని బ్లైండెడ్‌గా పరిగణించలేదు. 24 గంటల నొప్పి నమోదు చేసిన నర్సుకి చెప్పలేదు, రెండు చోట్లా ఒకేలాంటి పట్టీలు వేశాం. ఏడో రోజు నుంచి ఎవరూ బ్లైండెడ్ కాదు. పనిలోకి వెళ్ళే విషయంలో రెండు గుంపులకీ వేర్వేరు సలహా ఇచ్చాం.”

లెక్కలు వేసింది ఎవరు?

కోనసీమ_పీజీ

నేనే. గుంపుల పేర్లు కనిపిస్తుండగానే వేశాను.

గౌతమి_స్టాట్స్

అది కూడా ఒక లైన్.

మత్తు_డాక్టర్_భీమవరం

నర్సుని నిజంగా బ్లైండెడ్ అనొచ్చా అన్నది తేల్చాలంటే ఆవిడని అప్పుడే “ఏ ఆపరేషన్ అనుకుంటున్నారు” అని అడిగి ఉంటే బాగుండేది. ఊహ సగానికి సగం కరెక్ట్ అయితే బ్లైండింగ్ నిలిచినట్టు.

గౌతమి_స్టాట్స్

ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించను డాక్టర్ గారూ. నొప్పి తక్కువ ఉన్నవాళ్ళని చూసి “ఇది లాపే” అని ఊహిస్తే, ఊహ సరైనది అవడానికి కారణం బ్లైండింగ్ పోవడం కాదు, లాప్ నిజంగా పనిచేయడం. రెండింటినీ విడదీయలేం. అందుకే 2010 కన్సార్ట్‌లో బ్లైండింగ్ ఎంత నిలిచిందో పరీక్షించి రాయాలన్న అంశాన్ని తీసేశారు.

మత్తు_డాక్టర్_భీమవరం

పట్టీ చూడగానే, నొప్పి అంకె అడగకముందు ఊహ అడిగితే ఆ గొడవ ఉండదుగా?

గౌతమి_స్టాట్స్

అప్పుడు చాలావరకు ఉండదు, అది నిజమే. అయినా అడిగే ఆ ప్రశ్నే ఆవిడని ఊహించమని పురికొల్పదా అన్నది నా అనుమానం. ఈ విషయంలో మా వాళ్ళలోనే ఒప్పుదల లేదు.

కొబ్బరితోట_రాజోలు

మీరు చెప్పిందంతా చదివాను. నేను పట్టీ లేపి చూసుకున్నానని ఆ డాక్టర్‌గారికి చెప్పాలా ఇప్పుడు? మూడేళ్ళయింది.

వార్డు_సిస్టర్

చెప్పండి అన్నయ్యా, మీ తప్పేం లేదు. మీ ఒళ్ళు మీరు చూసుకోక ఎవరు చూస్తారు. వాళ్ళు ఇంకా రాస్తూ ఉంటే పనికొస్తుంది.

కోనసీమ_పీజీ

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా సిస్టర్‌ని కలిశాను. ఆవిడ చుక్కలు పెట్టలేదు గానీ నొప్పి షీటు మార్జిన్‌లో కొన్ని చోట్ల “చెప్పేశాడు” అని రాసి ఉంది. లెక్కపెట్టాను. 24 గంటల షీట్లలో 60కి 19. టెప్ వాళ్ళు 13, ఓపెన్ వాళ్ళు 6. ఎందుకు రాశావమ్మా అంటే “ఎప్పుడో అడుగుతారనుకున్నాను” అంది. ఈ అంకెలు అలాగే రాస్తున్నాను.

సార్ దగ్గరికి కాగితం పట్టుకెళ్ళాను. మత్తు సంగతి చదివి ఆయనే “డబుల్ బ్లైండ్” కొట్టేశారు, ఏమీ అనలేదు. విరమించుకున్న ముగ్గురిని, ఎంతమంది చేరారో ఎంతమంది మిగిలారో చూపే బొమ్మలో చూపించమన్నారు. సలహా వేరు అన్న లైన్ కూడా ఉంచారు. కవర్ల పేరా దగ్గర ఆగిపోయారు. వరస తప్పిన సంగతి రాస్తే యూనిట్‌లో ఎవరినో వేలెత్తి చూపినట్టు ఉంటుందని అంటున్నారు. ఎవరి పేరూ లేదు సార్ అన్నాను. సోమవారం మాట్లాడదాం అన్నారు.

ట్రయల్స్ నమోదు చేసే మన దేశపు రిజిస్ట్రీ సీటీఆర్ఐలో మా రిజిస్ట్రేషన్ తెరిచి చూశాను. `Method of Concealment` దగ్గర `Sequentially numbered, sealed, opaque envelopes` అని ఎంచుకున్నాం. opaque అన్న మాట అబద్ధమని ఇప్పుడు తెలుసు. అది మార్చాలా, లేక థీసిస్‌లో మాత్రం రాస్తే చాలా?

గౌతమి_స్టాట్స్

రిజిస్ట్రీ ఎంట్రీ మీరు ట్రయల్ మొదట్లో ఏం అనుకున్నారో చెప్తుంది. దాన్ని ఇప్పుడు చెరిపి కొత్తది పెడితే మొదటినుంచీ అలాగే అనుకున్నట్టు కనిపిస్తుంది. `Last Modified On` తేదీ ఒక్కటే చదివేవాళ్ళకి అంతా చెప్పదు. నేనైతే ఆ ఎంట్రీ ఉంచి, అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఇదీ అని థీసిస్‌లోనూ, పేపర్‌లోనూ రాస్తాను. బ్లైండింగ్ దగ్గర ఏమని పెట్టారు?

కోనసీమ_పీజీ

`Outcome Assessor Blinded`.

రిటైర్డ్_సర్జన్_కాకినాడ

నేను గౌతమి గారితో విభేదిస్తాను. రిజిస్ట్రీని బయటివాళ్ళు చదువుతారు, థీసిస్ లైబ్రరీ బీరువాలో ఉంటుంది. అక్కడా సరిచేయాలి, ఎందుకు మార్చారో వివరంగా రాసి. సోమవారం మీ సార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ తెల్లకవరు, ఒక చీటీ జేబులో పెట్టుకెళ్ళు. వాదించకు. లైటు పెట్టె మీద పెట్టి ఆయన్నే చదవమను.